పాటలతో జర్మన్ నేర్చుకోవడం: పాట నోటికి వస్తోంది, మాట రావడం లేదు

ఖమ్మం నర్సు:
జర్మన్ ఎ1 పూర్తిచేసి ఎ2 మొదలుపెట్టాను. పాటలు వింటే పదాలు బాగా వస్తాయని చెబితే ఒక ప్రేమ పాట మొత్తం కంఠస్థం చేశాను. ఇప్పుడు నా నోటుపుస్తకంలో విరహం, నీడ, శాశ్వతం వంటి మాటలు బోలెడు ఉన్నాయి. క్లాసులో "ఈ రోజు ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు. పాటను ఎలా ఎంచుకోవాలి? దానిలోంచి పదాలు ఎలా తీసుకోవాలి?

రాగాల రాజు:
మీరు తక్కువగా విని ఉంటారండీ. ఒకే పాటను రోజూ పదే పదే వినండి, అర్థం దానంతట అదే వస్తుంది. ఇప్పుడు ఊపు మీదున్న ర్యాప్ పాటలైతే ఇంకా మంచిది. అసలు జనం మాట్లాడే భాష వాటిలోనే ఉంటుంది.

మైలాపూర్ వీణ:
అర్థం దానంతట అదే రాదు, రాజు గారూ. నేను చెన్నైలో సంగీతం చెబుతాను. నా శిష్యుల్లో చాలామందికి తెలుగు రాదు. త్యాగరాజ కీర్తనలు మాత్రం అక్షరం తప్పకుండా పాడతారు, ఉచ్చారణ చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పిల్లల్నే తెలుగులో మంచినీళ్లు అడగమంటే దిక్కులు చూస్తారు. ఇంతకీ నర్సు గారూ, మీరు ఏ శ్రుతిలో పాడుతున్నారు? శ్రుతి కుదిరితే జ్ఞాపకం కూడా కుదురుతుంది.

ఖమ్మం నర్సు:
నేను పాడటం లేదమ్మా, ఫోనులో వింటున్నాను, అంతే.

డోయ్‌చ్ మాస్టారు:
వీణ గారు చెప్పినదే అసలు చిక్కు. పాటలో ఒక మాట వెనుక ఇంకో మాట వరసగా వస్తుంది కాబట్టి మనకు వచ్చేసినట్టు అనిపిస్తుంది. పరీక్షించుకోవడం తేలిక. మధ్యలోని ఒక మాటను రాగం లేకుండా చెప్పమంటే, మీరు మనసులో చరణం మొదటి నుంచి పాడుకుంటూ అక్కడికి చేరుతున్నారా? అయితే మీకు వచ్చింది పాట మాత్రమే.

ఎంపిక విషయంలో నేను రెండే చూస్తాను. సాహిత్యం ముందు పెట్టుకుని ఒక చరణం వినండి. దాదాపు ప్రతి పాదంలోనూ ఒకటికి మించి తెలియని మాటలు ఉంటే ఆ పాటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండోది, ప్రతి చరణంలో వాక్యం అదే ఉండి ఒకటి రెండు మాటలే మారే పాట కావాలి. ర్యాప్‌లో నిజంగానే వాడుక భాష ఉంటుంది, రాజు గారి మాట కొట్టిపారేయను. కానీ ఆ వేగంలో ఎ2 విద్యార్థికి మాటల చివరలు వినిపించవు. జర్మన్ వ్యాకరణమేమో సగం ఆ చివరల్లోనే ఉంటుంది.

మీ స్థాయికి నేను ఇచ్చేది ఒక పాత జానపద గీతం, జర్మనీలో చిన్నపిల్లలు పాడుకునేది. మొదటి చరణం ఇది:

గ్ర్యూన్, గ్ర్యూన్, గ్ర్యూన్ జిన్ట్ అల్లె మైనె క్లైడర్,
గ్ర్యూన్, గ్ర్యూన్, గ్ర్యూన్ ఇస్ట్ అలెస్, వస్ ఇష్ హాప్.
దారుమ్ లీప్ ఇష్ అలెస్, వస్ సో గ్ర్యూన్ ఇస్ట్,
వైల్ మైన్ షట్స్ ఐన్ యేగర్ ఇస్ట్.

"నా బట్టలన్నీ ఆకుపచ్చ, నాకున్నదంతా ఆకుపచ్చ, అందుకే పచ్చనివన్నీ నాకిష్టం, ఎందుకంటే నా ప్రియుడు వేటగాడు" అని. తరువాతి చరణాల్లో రంగు, వృత్తి మాత్రమే మారతాయి. తెలుపుకు రొట్టెలు కాల్చే బెకర్, నీలానికి నావికుడు, నలుపుకు పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు, రంగురంగులకు రంగులు వేసే మాలర్. పాడేవాళ్లను బట్టి ఒకటి రెండు చరణాలు మారుతుంటాయి, కాబట్టి మీరు వినే రికార్డింగుకు సరిపోయే సాహిత్యమే దగ్గర పెట్టుకోండి.

ముందు కాగితం చూడకుండా విని, వినిపించినది రాయండి. తరువాత సాహిత్యంతో పోల్చి, తప్పు విన్న చోట గీత గీయండి. చాలామంది "హాప్" దగ్గర ఆగిపోతారు. అది "హాబె"యే. లయ కోసం చివరి అచ్చు ఎగిరిపోయింది, మాట చివర పడ్డ "బ" "ప"లా పలికింది. "లీప్" కూడా అంతే. నోటుపుస్తకంలోకి వెళ్లేటప్పుడు ఈ కత్తిరించిన రూపం కాదు, పూర్తి రూపమే వెళ్లాలి.

ఇప్పుడు పదాలు. ఈ చరణం నుంచి నాలుగైదుకు మించి తీసుకోవద్దు. నామవాచకం రాసేటప్పుడు జాగ్రత్త, పాట దాని లింగాన్ని దాచేస్తుంది. "మైన్ షట్స్" అని విన్నప్పుడు అది "డేర్" మాటో, "డస్" మాటో తెలియదు, రెండింటికీ "మైన్" అనే వస్తుంది. నిఘంటువు చూసి "డేర్ షట్స్", బహువచనం "షెట్సె" అని రాసుకోవాలి. విన్న ముక్కను విన్నట్టే రాసుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగమ్మాయి:
మాస్టారూ, ఒక చిన్న హెచ్చరిక. నేను దుకాణంలో బట్టలు అనడానికి "క్లైడర్" అంటే నేరుగా ఆడవాళ్ల గౌన్ల వైపు చూపించారు. మామూలు దుస్తులకు ఇక్కడ "క్లైడుంగ్" అంటారు.

డోయ్‌చ్ మాస్టారు:
నిజమేనమ్మా. పాత పాటతో వచ్చే ఇబ్బంది అదే. పాటలోంచి తీసిన ప్రతి మాటనూ ఇప్పటి నిఘంటువు ఉదాహరణలతో ఒకసారి సరిచూసుకోవాలి. ఇంకొకటి కూడా ఉంది. పాటలో "ఐన్ యేగర్ ఇస్ట్" అన్నారు. మామూలు మాటల్లో వృత్తి చెప్పేటప్పుడు ఆ "ఐన్" సాధారణంగా ఉండదు.

నర్సు గారి అసలు ప్రశ్నకు జవాబు చివరి పాదంలో ఉంది. "వైల్" వచ్చిందంటే క్రియ వాక్యం చివరికి పోతుంది. క్రియను చివర పెట్టడం తెలుగువారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మనకు "కాబట్టి" చివర వస్తుంది, వాళ్లకు "వైల్" ముందే వస్తుంది, తేడా అది. కానీ దాని పై పాదం చూడండి. "దారుమ్" తరువాత వెంటనే క్రియ, ఆ తరువాతే "ఇష్". అక్కడ మన అలవాటు పనికిరాదు. ఈ రెండు పాదాలూ పక్కపక్కనే ఉండడమే ఈ పాటను నేను ఎంచుకోవడానికి కారణం.

ఇక చరణంలోని మాట తీసేసి మీ మాట పెట్టండి. "వైల్ మైనె ష్వెస్టర్ లేరెరిన్ ఇస్ట్", మా అక్క టీచరు కాబట్టి. "వైల్ డేర్ బుస్ ష్పేట్ కామ్", బస్సు ఆలస్యంగా వచ్చింది కాబట్టి. మొదట రాగంలో అనండి, తరువాత రాగం లేకుండా మామూలు గొంతుతో అనండి. రాగం తీసేయడం తప్పనిసరి. పాటలో పొట్టి అచ్చులు కూడా సాగిపోతాయి. జర్మన్‌లో మన తెలుగులో లాగే పొట్టి, పొడుగు అచ్చులకు అర్థభేదం ఉంది.

ఖమ్మం నర్సు:
"వైల్ డేర్ బుస్ ష్పేట్ కామ్". క్లాసులో కావలసినది ఇదేనండీ! నేను ఇవన్నీ తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాను. పరవాలేదా?

డోయ్‌చ్ మాస్టారు:
ఇక్కడ చర్చ కోసం నేనూ రాశాను గానీ, నోటుపుస్తకంలో వద్దంటాను. "గ్ర్యూన్" అని రాస్తే అసలు ధ్వని పోయింది, "ఇష్" చివరి ధ్వని కూడా మన "ష" కాదు. పైగా పరీక్షలో రాయాల్సింది రోమన్ లిపిలో.

ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగమ్మాయి:
నేను ఒప్పుకోను. రోమన్ లిపిలో చూస్తే ఇంగ్లీషులా చదివేస్తాం. అచ్చు పొట్టిదా పొడుగుదా అన్నది తెలుగులో రాసుకుంటేనే నాకు గుర్తుండేది. పక్కన పెన్సిలుతో రాసుకుంటే తప్పేమిటి?

మైలాపూర్ వీణ:
మా పిల్లలు కీర్తనలను తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ఆ తిప్పలు నాకు తెలుసు, నేను మాస్టారి వైపు.

రాగాల రాజు:
వేటగాడి పాట విన్నాను. బాగుంది గానీ చిన్నపిల్లల పాటలా ఉంది. రెండు రోజుల్లో విసుగు రాదా?

డోయ్‌చ్ మాస్టారు:
వస్తుంది. విసుగు వచ్చేలోపు "వైల్" వాక్యాలు పది సొంతంగా రాస్తే చాలు, ఆ పాటతో పని అయిపోయింది. నర్సు గారూ, మీరు రాసినవి ఇక్కడ పెట్టండి. క్రియ ఎక్కడ పడిందో చూస్తాను.