క్లబ్ బడ్జెట్‌లో అంకెలు పెంచి అడగాలా, ఉన్నదున్నట్టు రాయాలా?

తెల్లకాగితం:
మాది ఇంజినీరింగ్ కాలేజీలో తెలుగు క్లబ్. ఏడాదికి ఐదు కార్యక్రమాలు, నిజంగా కావాల్సింది 1,32,000 రూపాయలు. ఎలాగూ ముప్పై శాతం కోసేస్తారు కాబట్టి 1,90,000 అడగమని సీనియర్లు అంటున్నారు. అష్టావధానానికి మొన్న గూగుల్ ఫామ్‌లో 310 మంది పేర్లిచ్చారు, వచ్చింది 120 మంది. ఈసారి ‘300 మంది వస్తారు’ అని రాయమంటున్నారు. రాయొచ్చా?

వెనక బెంచి:
రాయి తమ్ముడూ, ఆలోచించకు. 1,90,000లో ముప్పై శాతం పోతే 1,33,000 మిగులుతుంది, నీ పని అయిపోతుంది. మా బ్యాచ్ నీతిగా ఉన్నదున్నట్టు అడిగింది. దానిమీదే కోత పడింది. చివరికి మైకు సెట్ డబ్బులు నలుగురం మెస్ బిల్లు ఆపుకుని కట్టాం. అడిగేవాడు పెంచుతాడని ఇచ్చేవాడికీ తెలుసు. కూరగాయల బేరం లాంటిదే ఇది.

సర్క్యూట్ బోర్డు:
అసలు కాలేజీని ఎందుకు అడుక్కోవడం? మా రోబోటిక్స్ క్లబ్‌కి ఊళ్లో కోచింగ్ సెంటర్ వాళ్లు స్పాన్సర్. స్టేజి మీద వాళ్ల ఫ్లెక్సీ కట్టాం, మోటార్లు, సెన్సార్లు వచ్చేశాయి.

తెల్లకాగితం:
అన్నా, అడిగింది స్పాన్సర్ గురించి కాదు. అయినా మోటార్లు మళ్లీ ఏడాదికీ పనికొస్తాయి, అవధానిగారికి కప్పిన శాలువా మళ్లీ తెచ్చుకోలేం కదా.

రసీదు పుస్తకం:
చదువుకునేటప్పుడు క్లబ్ డబ్బు నేనే చూసేవాణ్ణి, ఇప్పుడు ఒక కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పని. బల్లకి రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా. ముందు అవధానం ఖర్చు విడదీసి చూడు. నీ దగ్గర ఏ అంకెలున్నాయి?

తెల్లకాగితం:
అవధానిగారి సంభావన 15,000. రానుపోను ఛార్జీలు, బస కలిపి 4,500. ఎనిమిది మంది పృచ్ఛకులకి శాలువా, జ్ఞాపిక తలా 450 చొప్పున 3,600. మైకు సెట్ 5,000. ఫ్లెక్సీ, పూలదండలు 1,900. వచ్చినవాళ్లకి సమోసా, టీ మనిషికి 35.

రసీదు పుస్తకం:
సమోసా, టీ తప్ప మిగతాదంతా 30,000. హాల్లో పదిమంది ఉన్నా అంతే, మూడు వందల మంది ఉన్నా అంతే. 120 మందికి టిఫిన్ 4,200, మొత్తం 34,200. 300 అని రాస్తే టిఫిన్ 10,500, మొత్తం 40,500. అంటే ఇంత గొడవపడి జనాన్ని పెంచితే నీకు అదనంగా వచ్చేది 6,300. అదీ సమోసా డబ్బు. జనం రాకపోతే ఆ బిల్లు ఎక్కడి నుంచి తెస్తావు?

సీనియర్లు 300 రాయమనడానికి అసలు కారణం వేరే ఉంటుంది. 300 మంది అయితే తలకి 135 పడుతుంది, 120 మంది అయితే 285. కమిటీలో కూర్చున్నవాళ్లు ముందు చూసేది ఆ తలసరి ఖర్చే. కాగితం మీద 135 అందంగా కనిపిస్తుంది. కానీ కార్యక్రమం అయ్యాక హాజరు పట్టిక, టిఫిన్ కూపన్లు, బిల్లు మూడూ ఒకే ఫైల్లోకి వస్తాయి. మా దగ్గర ఒక క్లబ్ 250 మంది అని రాసింది. కూపన్ల అడుగుముక్కలు లెక్కపెడితే 96. మరుసటి ఏడాది వాళ్ల ప్రతిపాదనలో ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పడింది, నిజంగా కావాల్సిన వాటి పక్కన కూడా.

వెనక బెంచి:
సరే, జనం సంగతి ఒప్పుకుంటా. కోత సంగతి చెప్పండి సార్. నిజం రాసినవాడికీ అదే ముప్పై శాతం కదా పోయేది?

రసీదు పుస్తకం:
మొత్తం ఒకటే అంకెగా అడిగితే మొత్తం మీదే కోస్తారు. కోసేవాళ్లకి ఎక్కడ కోయాలో తెలియదు కాబట్టి అన్నిచోట్లా కొంచెం కొంచెం గీరుతారు. సంభావనలో ముప్పై శాతం పోతే అవధానిగారికి ఏమని చెబుతావు, రెండు పద్యాలు తక్కువ చెప్పమనా? అందుకే ఏది పోయినా నడుస్తుందో మనమే రాసిపెట్టాలి. తమ్ముడూ, మిగతా నాలుగింటి లెక్క?

తెల్లకాగితం:
ఆగస్టు 29 గిడుగువారి జయంతికి తెలుగు భాషా దినోత్సవం 22,000. నవంబరులో రెండు రోజుల కథల వర్క్‌షాప్ 40 మందికి 19,000. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం 11,800. ఏడాది చివర పత్రిక 300 కాపీలు 45,000. పత్రికలో టైపింగ్, పేజీల కూర్పు 18,000, ఆపైన కాపీకి 90.

రసీదు పుస్తకం:
కోత పత్రికలో చూపించు. కాపీలు 150కి తగ్గిస్తే 31,500 అవుతుంది, సగానికి దిగదు, ఆ 18,000 ఎలాగూ ఉంటుంది. ‘మొత్తంలో 13,500 తగ్గించాల్సి వస్తే కాపీలు తగ్గిస్తాం, ఇంకా తగ్గించాల్సి వస్తే ఫిబ్రవరి కార్యక్రమం తరగతి గదిలో పెట్టుకుంటాం, అవధానం మాత్రం ముట్టుకోవద్దు’ అని రాయి. నిరుటి కాపీలు ఎన్ని మిగిలాయో కూడా చూసుకో.

తెల్లకాగితం:
చూశా సార్. లైబ్రరీ మెట్ల కింద రెండు కట్టలు పురికొస కూడా విప్పకుండా ఉన్నాయి.

హాజరు పట్టిక:
నేను ఒక కాలేజీలో క్లబ్ ఇన్‌ఛార్జి లెక్చరర్‌ని. పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ 120 కూడా నిజమైన అంకె అని ఎలా అంటాం? బాబూ, అవధానం ఏ రోజు పెట్టారు?

తెల్లకాగితం:
సంక్రాంతి సెలవులకి ముందు శనివారం మధ్యాహ్నం, మేడమ్.

హాజరు పట్టిక:
హాస్టల్ సగం ఊరెళ్లిపోయి ఉంటుంది. బ్యాగులు సర్దుకునేవాళ్లు దత్తపది వినడానికి ఏం కూర్చుంటారు? అదే కార్యక్రమం సెలవుల తర్వాత, మిడ్ పరీక్షలు లేని వారంలో, చివరి రెండు పీరియడ్లకి పెడితే 180 మంది రావచ్చు. అప్పుడు 36,300. ఆ 180 ఎలా వచ్చిందో ఒక వాక్యంలో రాస్తే అది పెంచి చెప్పడం కిందికి రాదు.

ఇంకో మాట. మా దగ్గర అడ్వాన్స్ లెక్చరర్ పేరు మీదే ఇస్తారు, బిల్లులు తేలేదాకా రెండోది ఇవ్వరు. పూలవాడు తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ పట్టుకుని నెలల తరబడి తిరిగాను. ప్రింటింగ్ ప్రెస్ బిల్లు కాలేజీ పేరు మీద, మార్చి 31 లోపు తేదీతో తెప్పించుకో. మీ పత్రిక ఏడాది చివర అంటున్నావు, అది ఏప్రిల్‌లోకి జారితే ఈ ఏడాది డబ్బు మురిగిపోతుంది.

రసీదు పుస్తకం:
180 నేను ఒప్పుకోను మేడమ్. పీరియడ్లు ఆపి కూర్చోబెట్టిన జనం హాజరు కోసం వచ్చిన జనమే. కమిటీకి ‘నిరుడు 120, ఈసారి 140’ అని చెబితే నమ్ముతారు.

హాజరు పట్టిక:
కూర్చోబెట్టినవాళ్లలోంచే మా క్లబ్‌కి పద్యాలు రాసే పిల్లలు ఇద్దరు దొరికారండీ. అదేం తక్కువ?

వెనక బెంచి:
ఇద్దరూ ఏదో ఒకటి తేల్చండి. నేనైతే ఇప్పటికీ పైన ఓ పది శాతం ‘ఇతర ఖర్చులు’ అని వేస్తాను.

రసీదు పుస్తకం:
‘ఇతర’ అన్న మాట కనిపిస్తే మొదటి గీత దానిమీదే పడుతుంది. ఆటో, ఫోటోకాపీలు, మంచినీళ్ల క్యాన్లు అని పేర్లు పెట్టి రాయండి.

తెల్లకాగితం:
తేదీ సెలవుల తర్వాతికి మార్చాను. 150 అని రాశాను, తిడితే ఇద్దరూ తిట్టండి. ఘంటానాదానికి గంట మాత్రం లెక్కలో వేయలేదు, గుళ్లో పూజారిగారు ఇస్తానన్నారు.