తలసరి ఆదాయం 3 లక్షలు దాటింది, ఆ డబ్బు ఎవరింట్లో ఉంది?

పరిగి పిల్లోడు:
తెలంగాణ తలసరి ఆదాయం 3 లక్షలు దాటిందంటున్నారు. ఆ లెక్కన నలుగురున్న మా ఇంటికి ఏడాదికి 12 లక్షలు రావాలి. నాన్నకు కందిచేను, నేను డ్రైవర్‌ని. ఇద్దరిదీ కలిపినా అందులో మూడో వంతు రాదు. లెక్క తప్పా, లేక మేమే వెనకబడ్డామా?

లెక్కల మాస్టారు:
లెక్క తప్పు కాదు తమ్ముడూ. అసలది ఇళ్ల సంపాదన లెక్కే కాదు. రాష్ట్రం సరిహద్దు లోపల ఏడాదిలో పుట్టిన విలువను జనాభాతో భాగిస్తారు, అంతే. అది చివరికి ఎవరి చేతికి పోయిందో అందులో కనపడదు.

వెయ్యి మంది ఉన్న ఊరనుకో. తలసరి లక్ష, అంటే మొత్తం 10 కోట్లు. ఊరి చివర ఒక కంపెనీ పెట్టారు, అది ఏడాదికి 20 కోట్ల విలువ పుట్టిస్తోంది. ఉద్యోగులు సిటీ నుంచి బస్సులో వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు, లాభం ముంబైలోని వాటాదార్లది. ఊరి తలసరి మాత్రం 3 లక్షలైంది. ఊళ్లో ఒక్కరి జేబూ బరువెక్కలేదు.

మీ పక్కనే చూడు. 2016 దాకా పరిగి, తాండూరు, గచ్చిబౌలి అన్నీ ఒకే రంగారెడ్డి జిల్లా. తర్వాత పరిగి, తాండూరు వికారాబాద్ జిల్లాగా విడిపోయాయి. 2022-23లో రంగారెడ్డి తలసరి 9 లక్షల పైమాట, వికారాబాద్‌ది 2 లక్షల లోపు. గీత గీసేదాకా ఆ తేడా ఒకే సగటు కింద దాక్కుంది.

శంకర్‌పల్లి రాజు:
ఏం మాటలండీ. మా ఊళ్లో ఎకరం కోట్లలో పలుకుతోంది. అమ్ముకున్నోళ్లంతా కార్లు కొన్నారు. ఇంకేం అభివృద్ధి కావాలి?

లెక్కల మాస్టారు:
రాజు గారూ, తమాషా ఏంటంటే మీ భూమి అమ్మిన డబ్బు ఈ తలసరిలో లేనే లేదు. భూమి చేతులు మారింది, కొత్తగా ఏదీ పుట్టలేదు. బ్రోకర్ కమిషన్ మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆ పొలంలో కూలికి పోయినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో కూడా చెప్పండి.

శంకర్‌పల్లి రాజు:
కొందరు వాచ్‌మన్లు అయ్యారు. మిగతావాళ్లు... తెలీదు.

సిటీ బాబు:
మాస్టారూ, మీరు ఒకవైపే చూస్తున్నారు. గచ్చిబౌలిలో పన్ను కడితేనే కదా పరిగిలో రైతుబంధు పడింది? గాదెలో గింజలే లేకపోతే పంచేదేంటి?

లెక్కల మాస్టారు:
పన్ను సంగతి నిజమే, ఒప్పుకుంటా. అయితే డబ్బుకు కాళ్లుండవు, అది తనంతట తాను పిల్లవాడి కంచంలోకి నడిచి రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో ఒకసారి, 2019లో ఒకసారి తెలంగాణలో జరిగింది. ఈ మధ్యలో తలసరి సుమారు లక్షా 40 వేల నుంచి 2 లక్షల 30 వేలకు పెరిగింది. ధరల పెరుగుదల తీసేసినా చెప్పుకోదగ్గ వృద్ధే. అదే కాలంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 28 శాతం నుంచి 33 శాతానికి పెరిగారు. రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి పోయింది.

సిటీ బాబు:
వేలి కొసన గుచ్చి తీసిన చుక్కతో రక్తహీనత ఎక్కువ చూపిస్తుందని విమర్శ ఉంది కదా?

లెక్కల మాస్టారు:
ఉంది, అందుకే ఆ అంకెను నేను గట్టిగా పట్టుకోను. ఎత్తు కొలిచే బద్దకు ఆ బాధ లేదు. కరోనా మీదకు నెట్టడానికీ వీల్లేదు, సర్వే అంతకు ముందే అయిపోయింది.

అంగన్‌వాడీ అక్క:
తాండూరు వైపు పనిచేస్తాను. మా సెంటర్‌లో గుడ్డు, పాలు, బాలామృతం ఇస్తాం. ప్యాకెట్ ఇంటికిస్తే ఇంట్లో అందరూ తింటారు, ఏమంటాం? ఆరు నెలల తర్వాత పైతిండి మొదలుపెట్టాలి. ఆ టైంకి తల్లి నాపరాళ్ల గనిలో పనికి పోతుంది, పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. టీలో బిస్కెట్ ముంచి పెడతారు. కూలి రేటు మునుపటికంటే పెరిగింది, కాదనను. మరి పిల్లకు తినిపించే మనిషి పగలంతా ఇంట్లో ఉండదు. దానికి తోడు నీళ్లు బాగోక విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టదు.

సిటీ బాబు:
అక్కా, అది ఆదాయం సమస్య కాదు, అలవాటు సమస్య.

అంగన్‌వాడీ అక్క:
పని మానేసి తినిపించమంటారా సార్? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

పరిగి పిల్లోడు:
సరే, జిల్లా తలసరి నమ్మను. ఇంతకీ మా మండలంలో ఇళ్లను సంపాదన బట్టి వరస పెడితే మధ్యలో ఉన్న ఇల్లు ఎంత సంపాదిస్తోందో చెప్పే లెక్క ఏదైనా ఉందా?

లెక్కల మాస్టారు:
మండలం స్థాయిలో అయితే నాకు కనపడలేదు. మీ అంగన్‌వాడీలో ఎత్తులు రాసే రిజిస్టర్ ఉంటుంది, ముందు అది అడిగి చూడు.