సీటీ నార్మల్ వచ్చాక ఎంఆర్‌ఐ దేనికి?

లావణ్య, పటమట: మా చెల్లికి సిజేరియనై మూడు వారాలు. పది రోజులుగా తలనొప్పి తగ్గట్లేదు. సీటీ నార్మల్ వచ్చింది. ఇప్పుడు డాక్టర్‌గారు ఎంఆర్‌ఐ, దాంతోపాటు వీనోగ్రామ్ రాశారు. ఇదంతా డబ్బుల కోసమే అంటున్నారు మా మామయ్యగారు. నిజంగా అవసరమా?

శ్రీనివాస్: అసలు సీటీయే దండగండీ. ఎంఆర్‌ఐలో అన్నీ కనపడతాయి, రేడియేషన్ కూడా ఉండదు. మొదటే అది చేయించాల్సింది.

సుబ్బారావు, బ్రాడీపేట: మా నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు. నెల తర్వాత తలనొప్పి, నడిస్తే తూలడం మొదలైంది. పుర్రె కింద రక్తం చేరిందని సీటీలోనే తేలింది, ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. సీటీ చాలమ్మా. మీ చెల్లి ఎక్కడైనా పడిందా?

మాధవి, రేడియాలజీ: సుబ్బారావుగారూ, మీ నాన్నగారి విషయంలో సీటీ సరైనదే. శ్రీనివాస్‌గారూ, సీటీ దండగ కాదండీ. తాజా రక్తం అందులో తెల్లగా కనపడుతుంది, పని నిమిషాల్లో అయిపోతుంది. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వస్తే మొదటి 6 గంటల్లో తీసిన సీటీలో మెదడు చుట్టూ కారిన రక్తం దాదాపు తప్పకుండా దొరుకుతుంది. రోజులు గడిస్తే ఆ రక్తం పలచబడిపోతుంది, సీటీలో తప్పిపోవచ్చు.

లావణ్యగారి చెల్లి విషయం వేరు. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే సిరల్లో గడ్డ పడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు సీటీలో అది చాలాసార్లు కనపడదు. ఎంఆర్‌ఐ ఒక్కటే తీసినా చిక్కే. మొదటి రోజుల్లో గడ్డ కూడా పారే రక్తంలాగే నల్లగా కనపడి మోసం చేస్తుంది. వీనోగ్రామ్ రక్తం పారుతోందో లేదో చూపిస్తుంది. కానీ కొందరికి ఒక పక్క సిర పుట్టుకతోనే సన్నగా ఉండి మూసుకుపోయినట్టు కనపడుతుంది. అందుకే రెండూ పక్కపక్కన పెట్టి చదువుతాం. ఎంఆర్‌ఐకి ఆలస్యమయ్యేట్టుంటే మందు ఎక్కించి తీసే సీటీ వీనోగ్రామ్ కూడా పనికొస్తుంది.

వెన్నులో మత్తు ఇచ్చారా? ఆ తలనొప్పి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. బీపీ చూశారా?

లావణ్య: వెన్నుకే ఇచ్చారండీ. బీపీ బాగానే ఉంది. మొదట్లో లేచి కూర్చుంటేనే నొప్పి. ఇప్పుడు పడుకున్నా ఉంటోంది, దగ్గితే ఇంకా ఎక్కువ. నిన్నటి నుంచి చూపు మసకగా ఉందంటోంది.

మాధవి: నొప్పి తీరే మారిపోయిందమ్మా. రేపటికి వాయిదా వేయకండి, ఇవాళే తీసుకెళ్ళండి. చూపు సంగతి డాక్టర్‌గారికి ముందే చెప్పండి, కంటి వెనక నరం ఉబ్బిందేమో చూస్తారు. గడ్డ ఉందని తేలితే అది పెరగకుండా ఆపే హెపారిన్ మందు మొదలుపెడతారు, బిడ్డకు పాలివ్వడం ఆపక్కర్లేదు.

శ్రీనివాస్: మరి మా ఆవిడకి ఏళ్ళుగా మైగ్రేన్. ఆవిడకీ తీయించాలిగా?

మాధవి: ఎప్పుడూ ఒకే తీరున వచ్చే నొప్పి, డాక్టర్ పరీక్షలో అంతా మామూలుగా ఉంటే సాధారణంగా రెండూ అక్కర్లేదు. మైగ్రేన్ వాళ్ళకి ఎంఆర్‌ఐలో చిన్న తెల్ల చుక్కలు కనపడుతుంటాయి. చాలావరకు వాటివల్ల హానేమీ ఉండదు, కానీ రిపోర్టు చూసి నిద్రపోనివాళ్ళని రోజూ చూస్తున్నాను.

శ్రీనివాస్: చుక్కల భయం కంటే తెలియకపోవడమే ఎక్కువ భయం నాకు. ఈ మాట మాత్రం ఒప్పుకోలేనండీ.

లావణ్య: మామయ్యగారే ఆటో పిలిచారు, బయల్దేరుతున్నాం.