లాంకషైర్ నేతగాళ్ల పొట్ట కొట్టింది మరమగ్గమేనా?

రాట్నం: ఇంగ్లండులో చేనేత కుటుంబాలు మరమగ్గం వల్లే చితికిపోయాయని అందరూ రాస్తారు. మరి నూలు వడికే యంత్రం జెన్నీకి ఇందులో వాటా లేదా?

నాగమణి: లేకపోవడమేమిటి? జెన్నీ రాగానే ఫ్యాక్టరీలు లేచాయి. ఇంట్లో ఆడవాళ్ల రాట్నాలు అటకెక్కాయి.

పడుగుపేక: రాట్నాలు అటకెక్కిన మాట నిజమే నాగమణి గారూ, ఫ్యాక్టరీ మాటే తొందరపాటు. 1760లలో హార్‌గ్రీవ్స్ చేసిన తొలి జెన్నీకి ఉన్నవి ఎనిమిది కదుళ్లు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో పట్టెను వెనక్కి లాగితే ఎనిమిది పోగులూ ఒకేసారి సాగేవి. అది ఇంటి మూలలో పట్టే వస్తువు. 1779 అల్లర్లలో జనం ఇరవై పైచిలుకు కదుళ్లున్న పెద్ద జెన్నీలను విరగ్గొట్టి, చిన్నవాటిని ముట్టుకోలేదు. ఏది ఇంటిది, ఏది షావుకారుదో వాళ్లకు లెక్క తెలుసు!

పైగా జెన్నీ నూలు మెత్తన, పేకకే పనికొచ్చేది. గట్టి పడుగు నూలు నీటితో నడిచే ఆర్క్‌రైట్ వడుకు యంత్రం నుంచి వచ్చింది. ఫ్యాక్టరీని తెచ్చింది అదే. నూలు కరువు తీరాక నేతగాళ్లకు కొన్నేళ్లు పండగే. ముతక గుడ్డ నేత త్వరగా పట్టుబడుతుంది కాబట్టి ఊరూరా కొత్తవాళ్లు మగ్గమెక్కారు, కూలి జారింది. 1813 నాటికి మరమగ్గాలు సుమారు 2,400, చేనేతవాళ్లు దాదాపు 2 లక్షలు. ఆ కొద్దిపాటి మగ్గాలు అంతమంది కూలిని పడగొట్టాయంటే నమ్మలేను.

సిరిసిల్ల మనవడు: మరమగ్గాన్ని ఎందుకు తిడుతున్నారు? మా నాన్న ఇంటి పక్క షెడ్డులో నాలుగు నడిపి మమ్మల్ని చదివించారు.

పడుగుపేక: తిట్టడం లేదు బాబూ. కానీ మంచి మాట అందించావు. మీ షెడ్డుకు కరెంటు తీగ వచ్చింది, మోటారు పెట్టుకున్నారు. లాంకషైర్‌లో ఉన్నది ఆవిరి యంత్రం. దాని ఇరుసుకు తోలు పట్టాలు తగిలించి వందల మగ్గాలు తిప్పాలి, అంటే మగ్గమే దాని దగ్గరికి వెళ్లాలి. వెనకే ఇళ్లూ వెళ్లాయి, మిల్లు చుట్టూ గోడకు గోడ ఆనించి.

రాట్నం: అయితే 1826లో వెయ్యికి పైగా మరమగ్గాలను ఎందుకు పగలగొట్టారు? ఆకలితో ఉన్నవాళ్లకు శత్రువెవరో తెలియదా?

పడుగుపేక: అప్పటికి పరిస్థితి వేరు. కార్ట్‌రైట్ మగ్గం 1785 నాటిదైనా, పడుగుకు గంజి పెట్టడానికి మాటిమాటికీ ఆపాల్సి వచ్చేది. 1803 ప్రాంతంలో స్టాక్‌పోర్ట్‌లో ర్యాడ్‌క్లిఫ్ గంజి యంత్రం చేయించాక ఆ చిక్కు విడింది. 1829కి మరమగ్గాలు 55,000 దాటాయి. పడిపోతున్న కూలిని ఇక లేవనివ్వనిది మరమగ్గమే, ఒప్పుకుంటాను.

నాగమణి: ఆ మిల్లుల్లో మరమగ్గాల దగ్గర నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లు, అమ్మాయిలే కదా. కూతురు మిల్లుకు, తండ్రి ఇంట్లో ఖాళీ మగ్గం ముందు. ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదయిందో మీ లెక్కలు చెప్పవు.

పడుగుపేక: చెప్పవు. కూలి డబ్బు ఎవరి చేతికిచ్చేదో తెలిస్తే గానీ తేలదు.