పాత ఇత్తడి బిందె మీద ముద్రలు: ఎవరు చేశారు, ఎప్పటిది?

గోదారిగట్టు:
ఇత్తడి బిందె ఒకటి ఉంది. మెడ దగ్గర 90 అని అంకె కొట్టి ఉంది. భుజం మీద చుక్కల అక్షరాలతో "పార్థివ మాఘ శు 5" అనీ, పక్కన రెండు పొడి అక్షరాలూ ఉన్నాయి. అడుగున కోడిగుడ్డు ఆకారపు ముద్రలో ఇంగ్లీషు అక్షరాలు. మొదటి మాట అరిగిపోయింది, "అండ్ సన్స్", "రిజిస్టర్డ్" మాత్రం తెలుస్తున్నాయి. 90 అంటే 1890 అనుకోవచ్చా?

పాతసామాను:
అనుకోవచ్చు. పాత సామాను మీద సంవత్సరం చివరి రెండంకెలే వేసేవారు. అడుగు ముద్ర చేసినవాళ్లది. చింతపండు పెట్టి బాగా తోమండి, మొదటి మాట కూడా బయటపడుతుంది.

కంచరివీధి:
తోమకండి! చింతపండు పులుపు మురికితో పాటు ముద్ర అంచుల్నీ తింటుంది. ఇప్పటికే అరిగిన అక్షరం మీద అది చేస్తే ఉన్నదీ పోతుంది. సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఆరాక గదిలో దీపం తీసేసి, టార్చిని అడుగుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. ఒక వైపు వెలుగులో కనబడని గీత ఇంకో వైపు వెలుగులో కనబడుతుంది. అప్పటికీ తెలియకపోతే టాల్కం పౌడరు రాసి, పొడిగుడ్డతో పైపైన తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. అడుగు ఉబ్బెత్తుగా ఉంటే పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్‌ను వాలుగా పట్టుకుని రుద్దండి.

ఇక 90 గురించి. ఇత్తడిని తూకానికే అమ్మేవారు. మెడ మీద ఒంటరిగా అంకె ఉంటే ముందు బరువేమోనని చూడాలి, ఆ తరవాతే సంవత్సరం మాట. బిందెను తూచి చెప్పండి.

గోదారిగట్టు:
వంటింటి తూకం మీద 3 కిలోల 90 గ్రాములు.

పాతసామాను:
అయితే బరువు కాదు. 90 పలాలు అంటే 270 తులాలు. తులం పది గ్రాములు, అంటే 2 కిలోల 700. నాలుగు వందల గ్రాములు తేడా. వాడేకొద్దీ బిందె అరుగుతుంది గానీ బరువు పెరగదు కదా.

కంచరివీధి:
పలానికి మూడు తులాలు, ఆ లెక్క సరైనదే. తులం దగ్గర తప్పారు. పది గ్రాములు ఇప్పటి బంగారం కొట్ల తులం. పాత తులం 11.66 గ్రాములు, పలం సుమారు 35 గ్రాములు. 90 పలాలంటే 3 కిలోల 150, అంటే రెండు వీశెల పది పలాలు. ఇప్పుడున్నది 3,090. తగ్గిన 60 గ్రాములు ఏళ్ల తరబడి బూడిదతో తోమిన అరుగుదలకు సరిపోతుంది. కాబట్టి 90 అంటే పలాలే.

అదే పెద్ద ఆధారం. మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమల్లో పెట్టారు. అరవైలు గడిచేకొద్దీ కొట్లలో పలం రాళ్లు కనుమరుగయ్యాయి. పలాల్లో బరువు కొట్టిన బిందె అంతకు ముందుదే అయ్యుండాలి. అలవాటు కొద్దీ కొన్నేళ్లు పాత లెక్కే కొట్టినవాళ్లు ఉండొచ్చు, అందుకే దీన్ని గట్టి గీతగా తీసుకోను.

ఓరుగల్లు_లెక్క:
మా వైపు పాత్రలకు ఈ లెక్క పట్టుకురాకండి. నైజాం ఇలాకాలో 80 తులాల సేరు వాడుక, అది 933 గ్రాములు. కోస్తా సేరు 24 తులాలే. ఒకే "3 సే" మా వైపు మూడు కిలోలకు కాస్త తక్కువ, కోస్తాలో కిలో కూడా లేదు. తూచి చూస్తే పాత్ర ఏ వైపుదో కూడా తెలిసిపోతుంది. ఇంకోటి, 1340, 1350 లాంటి అంకెలుంటే ఏడు వందల ఏళ్ల నాటిదని సంబరపడొద్దు, అది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలపండి. 1350 అంటే 1940-41.

అత్తిలి_అమ్మాజీ:
నా దగ్గర స్టీలు గిన్నె ఉంది. అడుగున 18/8 అని ఉంది. ఆగస్టు 18న చేసిందా? ఇంకో డబ్బా మీద సేలం ముద్ర ఉంది, అది సేలంలో చేసిందేనా?

కంచరివీధి:
అమ్మాజీ గారూ, 18/8 తేదీ కాదండి. ఆ ఉక్కులో క్రోమియం పద్దెనిమిది శాతం, నికెల్ ఎనిమిది శాతం అని. సేలం ముద్ర రేకు ఎక్కడిదో చెబుతుంది, డబ్బా ఎవరు చేశారో చెప్పదు. సేలం ఉక్కు కర్మాగారంలో 1981లో రేకు తీయడం మొదలైంది, కాబట్టి డబ్బా ఆ తరవాతిదే. కొట్టు చిరునామా కూడా ఉంటే పిన్‌కోడ్ ఉందేమో చూడండి, పిన్‌కోడ్‌లు 1972 ఆగస్టులో వచ్చాయి. అయస్కాంతం పెట్టి వయసు చెప్పేవాళ్లను మాత్రం నమ్మకండి.

పంచాంగం_మూర్తి:
బిందె మీది పార్థివ గురించి. అరవై ఏళ్లకోసారి వచ్చే పేరు కాబట్టి 1885-86, 1945-46, 2005-06, ఈ మూడింట్లో ఒకటి. మాఘం ఉగాది తరవాత పదకొండో నెల, అందుకని రెండో ఏడాదిలో పడుతుంది. 1945 అని రాసుకుంటే తప్పు. రెండో పార్థివ అయితే 1946 ఫిబ్రవరి మొదటి వారం. పలాల లెక్కతో 2006 పోయింది. మిగిలినవి 1886, 1946.

అయితే చుక్కల అక్షరాలు పెళ్లికో సారెకో ఇచ్చేటప్పుడు కొట్టించినవి. బిందె చేసిన రోజు అది కానక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత బిందెకే పేరు కొట్టించి ఇచ్చినా ఇవ్వొచ్చు.

గోదారిగట్టు:
పౌడరు రాస్తే మొదటి మాటలో చివరి అక్షరం "యన్" లాగా ఉంది, అంతకు మించి రాలేదు. "రిజిస్టర్డ్" ఉంది కదా, దాన్నిబట్టి 1886 కొట్టేయొచ్చా?

కంచరివీధి:
చాలావరకు. మన దేశంలో ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్ చట్టం 1940ది, అమల్లోకి వచ్చింది 1942లో. అది ట్రేడ్‌మార్కు గురించి కాక భాగస్వామ్య సంస్థ రిజిస్ట్రేషన్ గురించి అయినా, ఆ చట్టం 1932ది. రెండు విధాలా 1886కు కుదరదు.

అండ్ సన్స్ అంటే ఎక్కువగా అమ్మిన కొట్టే, చేసిన చెయ్యి కాదు. కంచరి తన పేరు వేసుకున్న బిందెలు అరుదు. పేరు దొరికితే ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ సైట్‌లో క్లాస్ 21లో వెతకండి, వంటింటి సామాన్లు అందులో వస్తాయి. ఎప్పటినుంచి వాడుతున్నామని వాళ్లు చెప్పుకున్న తేదీ కూడా అక్కడ ఉంటుంది. అది వాళ్లు చెప్పుకున్నది మాత్రమే.

పాతసామాను:
తులం దగ్గర పొరబడ్డాను, ఒప్పుకుంటా. కానీ ఒక మాట. బిందెకు ముందు చిల్లు పడేది అడుగే, కంచరి దగ్గర కొత్త అడుగు వేయించేవారు. ముద్ర కొత్త అడుగుది, ఒళ్లు 1886ది కాకూడదా?

కంచరివీధి:
మంచి ప్రశ్న. అడుగు మారిస్తే బరువు మారాలి. మెడ మీది అంకెకు 60 గ్రాముల దగ్గరగా మళ్లీ కుదరడం కష్టం, అందుకే అది అసలు అడుగేనని నా ఊహ. కొత్త అడుగు వేశాక తూచి 90 కొట్టి ఉంటే మాత్రం ఈ వాదన నిలవదు. గోదారిగట్టు గారూ, లోపల టార్చి వేసి అడుగు అతుకు చూడండి. ఒంటి అతుకు పళ్లు పళ్లుగా కోసి కరిగించి అతికినట్టుండి, అడుగుది వేరే రంగులో నున్నటి గీతలా ఉంటే అనుమానించాలి.

గోదారిగట్టు:
చూశాను. రెండు చోట్లా పళ్లే ఉన్నాయి. కానీ అడుగు వైపు పళ్లు కాస్త వెడల్పుగా, వంకరగా ఉన్నాయి. రంగు ఒకటే.

పాతసామాను:
వేరే చెయ్యి.

కంచరివీధి:
అదే చెయ్యి అయినా కావచ్చు. వంపు తిరిగే చోట పళ్లు కోయడం కష్టం, వంకర పోతాయి. అతుకు లోపలి వైపు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి.