అప్‌డేట్: గంటల లెక్కా, మొత్తం ధరా?

నా ప్రశ్న: "విజయనగరం నుంచి పనిచేస్తున్నాను. పలాస జీడిపప్పు వ్యాపారి వెబ్‌సైట్‌కు గంటకు ₹500 అడగాలా, మొత్తం ₹30,000 చెప్పాలా?"

60 గంటల పని అనుకొని మొత్తం ధరకే ఒప్పుకున్నాను. పేజీల రూపకల్పన అనుకున్న వేళకే ముగిసింది గానీ, ఫొటోలు, గ్రేడుల ధరలు వాట్సాప్‌లో విడతలుగా వచ్చి, ఒక్క డబ్ల్యూ240 గ్రేడు పేజీనే నాలుగుసార్లు మార్చవలసి రావడంతో లెక్క 100 గంటలకు చేరి, గంటకు ₹300 మాత్రమే గిట్టింది. ఎన్ని సవరణలో ముందే రాసుకోకపోవడం నా పొరపాటే.

మరొక వ్యాపారితో ఒప్పందంలో, పరిధి స్పష్టంగా తెలిసిన ఆరు పేజీలకు రెండు విడతల సవరణలతో మొత్తం ధర, వివరాలు ఎప్పుడు అందుతాయో తెలియని సరుకుల జాబితాకు గంటల లెక్క పెట్టి, వారానికోసారి బిల్లు పంపుతున్నాను. పాత కోడ్ పనికొచ్చి ఆ పేజీలు అనుకున్నదానికంటే ముందే ముగిశాయి. అక్కడ గంటల లెక్క పెట్టి ఉంటే, త్వరగా చేసినందుకు నేనే నష్టపోయేవాడిని.