మూడు మందుల షాపులకు పాయింట్ల కార్డా, పది శాతం డిస్కౌంటా?

వంశధార_ఒడ్డు: పర్లాకిమిడిలో రెండు, గుణుపూర్‌లో ఒకటి, మొత్తం మూడు మెడికల్ షాపులు మావి. ఎదురుగా తెరిచిన పెద్ద చైన్ వాళ్లు బిల్లు మీద పది శాతం తగ్గిస్తున్నారు. మేమూ తగ్గించాలా, పాయింట్ల కార్డు పెడితే జనం నిలుస్తారా?

కాశీనగర్_బాబాయ్: మందుల మీద డిస్కౌంట్ ఇవ్వడమే చట్టవిరుద్ధం బాబూ, ఎమ్మార్పీకే అమ్మాలి. లైసెన్సు మీదకి తెచ్చుకోకు.

మహేంద్రతనయ: బాబాయ్ గారూ, ఎమ్మార్పీ దాటి అమ్మకూడదన్నది నిజం. తక్కువకి అమ్మొద్దని మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు డీపీసీఓలో లేదు. తమ్ముడికి అసలు చిక్కు మార్జిన్‌ది.

ప్రభుత్వం సీలింగ్ ధర కట్టిన మందుల్లో రిటైలర్‌కి లెక్కగట్టేది 16 శాతం, అదీ కొన్న ధర మీద. వెయ్యికి కొన్న సరుకు 1160కి అమ్ముతావు, జీఎస్టీ పక్కన పెడితే 160 మిగులుతుంది. పది శాతం తగ్గిస్తే 116 పోయి చేతిలో ఉండేది 44. అందులోంచే అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం.

నెలకి 1160 బిల్లు చేసే బీపీ, షుగర్ పేషెంట్‌ని తీసుకో. ఏడాదిలో ఎనిమిది నెలలు నీ దగ్గర, మిగతా నాలుగు నెలలు డాక్టర్‌కి చూపించుకోడానికి శ్రీకాకుళమో విశాఖో వెళ్లినప్పుడు అక్కడే కొంటున్నాడు అనుకుందాం. ఇప్పుడు నీకు 1280 మిగులుతోంది. డిస్కౌంట్ ఇచ్చి పన్నెండు నెలలూ అతన్ని నిలుపుకున్నా మిగిలేది 528. అంటే కస్టమర్ పూర్తిగా నీవాడైనా నువ్వు నష్టపోయావు.

బదులుగా మందులు అయిపోయే సమయానికి, అంటే కొన్న 25వ రోజుకీ 35వ రోజుకీ మధ్య తిరిగి వస్తేనే 35 రూపాయల పాయింట్లు అతని కార్డు ఖాతాలో జమ చెయ్యి. పదకొండు నెలలు వస్తే నీకు 1375. పదే నెలలు వస్తే 1250, మునుపటికంటే తక్కువే. కాబట్టి ఇది కూడా ఊరికే లాభం తేదు. ముందునుంచీ పన్నెండు నెలలూ వచ్చేవాడికైతే నెలనెలా 35 వదులుకున్నట్టే. అందుకే మొదట ఒక్క షాపులో ఆరు నెలలు నడిపి, పాత కస్టమర్లు ఎన్ని నెలలకోసారి వస్తున్నారో మిగతా రెండు షాపులతో పోల్చి చూడు. అమ్మకం పెరిగిందా అని మాత్రం చూడకు, అది మోసం చేస్తుంది.

యాంటీబయాటిక్, నిద్రమాత్రల బిల్లులకి మాత్రం పాయింట్ వద్దు. ఎక్కువ కొనమని మనమే ఆశ పెట్టినట్టవుతుంది.

రాయగడ_అమ్మాయి: మా అమ్మకి షుగర్. ఆవిడ ఒకేసారి నెల మందు కొనరు, డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ఐదేసి మాత్రలు కత్తిరించి తెచ్చుకుంటారు. మొన్న తెచ్చిన ముక్క మీద ఎక్స్‌పైరీ తేదీ అటు ముక్కకే పోయింది, ఇటు ఏమీ లేదు. మా బోటివాళ్లకి 25 నుంచి 35 రోజులంటే ఏం వస్తుంది అన్నా? అలాంటప్పుడు జన ఔషధి కేంద్రమే నయం కదా?

మహేంద్రతనయ: నువ్వు చెప్పింది నా లెక్కలో లేదు, తప్పు నాదే. ఐదు మాత్రలు కొన్నవాళ్లకి ఆ మాత్రలు అయిపోయే రోజు నుంచే గడువు లెక్కకట్టాలి. 35 రూపాయలు కూడా ఆరు భాగాలు కావాలి, అంటే సుమారు ఆరు రూపాయలు. సాఫ్ట్‌వేర్ అలా చేస్తుందో లేదో కొనకముందే అడిగి చూడాలి తమ్ముడూ. అమ్మగారికి ఇచ్చే ముక్క మీద తేదీ ఉండేలా రెండో వైపు నుంచి కత్తిరించమని మాత్రం కౌంటర్లో గట్టిగా చెప్పు. జన ఔషధిలో ధర తక్కువే, దొరికితే అక్కడే కొనండి. తమ్ముడు ధరలో వాళ్లతో పోటీ పడలేడు.

గుణుపూర్_కౌంటర్: నేను ఇంకో షాపులో పనిచేసినప్పుడు చూశాను, కార్డు లేనివాళ్ల బిల్లులన్నీ ఒక కుర్రాడు పాయింట్ల కోసం తన సొంత ఫోను నంబరుకి కొట్టుకునేవాడు. నెలాఖరుకి ఆ ఒక్క నంబరు మీద రోజుకి పదేసి బిల్లులు. పట్టుకోవాలంటే రోజుకి రెండు బిల్లులు దాటిన నంబర్ల జాబితా తీస్తే చాలు.

వంశధార_ఒడ్డు: ఇక్కడ ఇంట్లో నలుగురికీ ఒకే ఫోను అన్నా, రెండు బిల్లులు దాటితే అది దొంగతనమని ఎలా అనుకోను? తాతది, నాయనమ్మది విడివిడిగా పెడితే గడువులు సరిగ్గా తేలతాయి, కానీ వాళ్ల మందుల వివరాలు మనవడి ఫోనుకి మెసేజ్‌గా వెళ్తాయి.

మహేంద్రతనయ: మెసేజ్‌లో మందు పేరు రాయకు, "మీ మందులు అయిపోవస్తున్నాయి" అంటే సరిపోతుంది. అది కూడా ముందు అడిగి, ఒప్పుకున్నవాళ్లకే. ఒక నంబరు కింద పేర్లు వేరుగా పెట్టమనే నేను అంటాను, కానీ ఇది అందరూ ఒప్పుకోరు.

గుణుపూర్_కౌంటర్: నేను ఒప్పుకోను. సాయంత్రం రద్దీలో పేరు ఎవరు వెతుకుతారు? మొదట వచ్చిన పేరు మీద కొట్టేస్తారు.